కొత్త మోతాదు పనిచేసిందని ఎప్పుడు అనవచ్చు? ఒక బీపీ మందు లెక్కతో పరికల్పన పరీక్ష

కూకట్‌పల్లి స్వాతి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఎం.ఫార్మసీ చదువుతున్నాను. బయోస్టాటిస్టిక్స్‌లో మాకిచ్చిన ఒక అభ్యాసం మీద మా తరగతి రెండుగా చీలిపోయింది. మా అధ్యాపకులు దీనికి జవాబు రాసుకొని రమ్మన్నారు కనుక ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను. అంకెలు అభ్యాసం కోసం కల్పించినవే తప్ప ఏ ఆసుపత్రిలోనూ జరిగిన పరీక్షవి కావు.

ఒక బీపీ మందును ఇప్పటిదాకా రోజుకు 40 మిల్లీగ్రాములు ఇస్తున్నారు. 80 ఇస్తే ఇంకా మేలు జరుగుతుందా అన్నది ప్రశ్న. ఫిబ్రవరి మొదట్లో, కొలిచిన రోజున పై బీపీ 150 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న 70 మందిని చేర్చుకున్నారు. చీటీలు తీసి 35 మందికి 40 మిల్లీగ్రాములు, మిగిలిన 35 మందికి 80 మిల్లీగ్రాములు ఇచ్చి, ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలిచారు. చివరిదాకా ఒక్కో గుంపులో 30 మంది మిగిలారు. పాత మోతాదు వాళ్లలో పై బీపీ సగటున 12.0 మిల్లీమీటర్లు తగ్గింది, ప్రామాణిక విచలనం 8. కొత్త మోతాదు వాళ్లలో 16.5 తగ్గింది, ప్రామాణిక విచలనం 9.

మాలో కొందరు కొత్త మోతాదు గుంపును ఒక్కదాన్నే తీసుకొని, మందుకు ముందూ తర్వాతా పోల్చారు. 16.5 ను 9/√30 తో భాగిస్తే t విలువ 10.04 వచ్చింది. పి-విలువ దాదాపు సున్నా కాబట్టి కొత్త మోతాదు బ్రహ్మాండంగా పనిచేసిందని వాళ్ల వాదన. మిగిలిన వాళ్లం రెండు గుంపులనూ ఒకదానితో ఒకటి పోల్చాలంటున్నాం. అలా చేస్తే ఫలితం అంత గట్టిగా రావడం లేదు. ఏది సరైనది?

నల్లకుంట మాస్టారు

స్వాతీ, రెండో వర్గానిదే సరైన దారి. అయితే మొదటి వర్గం ఎక్కడ దారి తప్పిందో విడమరిచి చూడడం అవసరం, ఎందుకంటే అచ్చయిన వ్యాసాల్లో కూడా ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.

వాళ్లు వేసిన లెక్కనే పాత మోతాదు గుంపుకూ వేసి చూడు. 12 ను 8/√30 తో భాగిస్తే 8.2 వస్తుంది, అక్కడా పి-విలువ సున్నాకు దగ్గరే. అంటే ఆ పద్ధతిలో రెండు మోతాదులూ బ్రహ్మాండంగా పనిచేసినట్టే లెక్క. మరి 80 వల్ల అదనంగా ఒరిగిందేమిటన్న ప్రశ్నకు జవాబు ఎక్కడుంది? ఆ లెక్క అడిగింది ఎనిమిది వారాల్లో బీపీ మారిందా అని మాత్రమే. మోతాదు గురించి అది అడగనే లేదు.

మందు లేకపోయినా బీపీ మారడానికి ఈ అభ్యాసంలోనే రెండు కారణాలు దాగి ఉన్నాయి. మొదటిది చేర్చుకున్న తీరు. కొలిచిన రోజున 150 దాటిన వాళ్లనే తీసుకున్నారు కదా, వాళ్లలో మామూలుగా 144 ఉండి ఆ రోజు ఆందోళన వల్లనో, మెట్లెక్కి రావడం వల్లనో 152 చూపించిన వాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. వాళ్లను మరో రోజు కొలిస్తే, చక్కెర బిళ్ల ఇచ్చినా సరే, అంకె తమ మామూలు స్థాయికి దిగుతుంది. రెండోది కాలం. ఎండలు ముదిరే కొద్దీ చర్మంలోని రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, అందుచేత చలికాలంతో పోలిస్తే వేసవిలో బీపీ కొంత తక్కువగా ఉంటుంది. మన ఊళ్లో ఫిబ్రవరి మొదట్లో కొలిచి ఏప్రిల్ మొదట్లో మళ్లీ కొలిస్తే ఆ తేడా కూడా మందు ఖాతాలోనే పడిపోతుంది.

ఈ రెండు కారణాలూ రెండు గుంపుల మీదా ఒకే రకంగా పనిచేస్తాయి, ఎందుకంటే ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది చీటీ నిర్ణయించింది. అందుకే ఒక గుంపు తగ్గుదల లోంచి మరో గుంపు తగ్గుదలను తీసేసినప్పుడు ఎండ వాటా, చేర్చుకున్న తీరు వాటా సగటున చెల్లిపోయి మోతాదు తేడా మిగులుతుంది. పరీక్షించవలసింది ఆ 4.5 మిల్లీమీటర్లను.

దిల్‌సుఖ్‌నగర్ వెంకటేశ్వర్లు

నేను లెక్కలు తెలిసినవాడిని కాను, కానీ బీపీ మాత్ర వేసుకుంటున్నవాడిని. మా డాక్టరు గారు కూడా నాకు కిందటేడాది 40 నుంచి 80 కి పెంచారు. ఇంట్లో మిషన్‌తో చూసుకుంటే 158 ఉండేది 138 కి దిగింది. ఇరవై తగ్గింది కదా, మరి పనిచేసినట్టే గదా? దీనికి ఇంత పరీక్ష ఎందుకు? పోతే, నాకు ఈ మధ్య పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నట్టుంటోంది. మళ్లీ 40 కి దించుకోవచ్చా?

టోలీచౌకి డాక్టరమ్మ

వెంకటేశ్వర్లు గారూ, ముందు మీ రెండో ప్రశ్న. మోతాదును మీ అంతట మీరు దించవద్దు, ఆపవద్దు. కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటి రెండు నిమిషాలకు మరోసారి బీపీ చూసుకొని, ఆ అంకెలు రాసుకొని ఈ వారంలోనే మీ డాక్టరు గారిని కలవండి. నిలబడగానే బీపీ బాగా పడిపోతోందేమో వారు చూడాలి. లేచేటప్పుడు కాసేపు మంచం అంచున కూర్చుని నెమ్మదిగా లేవండి.

ఇక మొదటి ప్రశ్న. మీకు తగ్గడం నిజమే, సంతోషించవలసిన విషయమే. అయితే అందులో మోతాదు వల్ల ఎంత, ఉప్పు తగ్గించడం వల్ల ఎంత, కాలం మారడం వల్ల ఎంత అన్నది ఒక్క మనిషి అంకెల లోంచి విడదీయలేం. మీరు 40 మీదే ఉండి ఉంటే ఈపాటికి ఎంత ఉండేదో చూపించే రెండో వెంకటేశ్వర్లు గారు లేరు. చీటీ తీసి చేసిన రెండో గుంపు ఆ లోటును తీరుస్తుంది.

కూకట్‌పల్లి స్వాతి

మాస్టారూ, చాలా స్పష్టంగా ఉంది. ఇప్పుడు ఆ 4.5 ను పరీక్షించే దశలను ఒక్కొక్కటిగా చెప్పగలరా? సూత్రంలో అంకెలు వేయడం మాకు వచ్చు. ఏ దశ ఎందుకు, ఏది ముందు అన్నదే సరిగా పట్టుబడలేదు.

నల్లకుంట మాస్టారు

వరుస ముఖ్యమే. మొదటి మూడు పనులూ రోగులను కొలవకముందే పూర్తి కావాలి. అంకెలు చేతికొచ్చాక వాటిని మారిస్తే మిగతా లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా పనికిరాదు.

మొదట శూన్య పరికల్పనను రాసుకోవాలి: 40 తీసుకున్నా 80 తీసుకున్నా పై బీపీలో సగటు తగ్గుదల ఒక్కటే, అంటే తేడా సున్నా. దీన్ని మనం నమ్ముతున్నామని కాదు. కాసేపు ఇదే నిజమనుకుంటే, మనకు దొరికిన అంకెలు దానితో ఎంతవరకు పొసుగుతాయో చూడాలని. దానికి ఎదురుగా ప్రత్యామ్నాయ పరికల్పన: తేడా సున్నా కాదు, ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు.

రెండోది, ఏ కొలతతో తీర్పు చెబుతామో ఒక్కటి ఎంచుకోవడం. ఇక్కడ అది ఎనిమిది వారాలకు పై బీపీలో తగ్గుదల. కింది బీపీ, నాడి, నాలుగు వారాల అంకె, ఇవన్నీ కొలవవచ్చు. అయితే వాటిలో ఏది బాగుంటే దాన్ని ముందుకు తెచ్చుకోకూడదు.

మూడోది సార్థకతా స్థాయి. నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఉందని పొరపాటున ప్రకటించే ప్రమాదాన్ని ఎంతవరకు ఒప్పుకుంటామన్నది అది. సాధారణంగా 0.05 తీసుకుంటారు.

ఇక లెక్క. దొరికిన తేడా 4.5. అదే పరీక్షను మరో 60 మందితో చేస్తే ఈ తేడా ఎంత అటూ ఇటూ ఊగుతుందో ప్రామాణిక దోషం చెబుతుంది: √(64/30 + 81/30) = √4.83 = 2.20. మన తేడా ఆ ఊగిసలాటకు ఎన్ని రెట్లు అన్నదే t విలువ: 4.5/2.20 = 2.05. రెండు గుంపుల విచలనాలూ వేరు కనుక వెల్చ్ పద్ధతిలో స్వాతంత్ర్య అంశాలు సుమారు 57 వస్తాయి. పట్టికలో 57 కు హద్దు 2.00. మన 2.05 దాన్ని కొద్దిగా దాటింది. పి-విలువ 0.045. శూన్య పరికల్పనను తిరస్కరించవచ్చు.

కంప్యూటరులో R ఉంటే ఇలా సరిచూసుకోవచ్చు.

```
v1 <- 8^2/30
v2 <- 9^2/30
t  <- (16.5 - 12.0) / sqrt(v1 + v2)
df <- (v1 + v2)^2 / (v1^2/29 + v2^2/29)
2 * pt(-abs(t), df)
```

అక్కడితో ఆగకుండా 95 శాతం విశ్వాస అంతరాన్ని కూడా తీయి: 4.5 కు అటూ ఇటూ 2.00 × 2.20 వేస్తే 0.1 నుంచి 8.9 వరకు వస్తుంది. నన్నడిగితే పి-విలువ కంటే ముందుగా చూడవలసినది ఇదే.

మాదాపూర్ కిరణ్

మాస్టారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా విశ్లేషణ చేస్తాను, మేము ఇలాంటి పరీక్షలు వెబ్ పేజీల మీద తరచుగా నడుపుతాం. స్వాతి గారికి సులువుగా గుర్తుండేలా చెబుతాను. పి-విలువ 0.045 అంటే కొత్త మోతాదు మెరుగైనదన్న దానికి 95.5 శాతం అవకాశం ఉందని అర్థం.

ఇంకొక మాట. మోతాదు పెంచితే బీపీ ఇంకా తగ్గుతుందే గానీ పెరగదు గదా. అలాంటప్పుడు రెండు వైపులా ఎందుకు చూడాలి? ఒక్క వైపే చూస్తే పి-విలువ సగమై 0.023 అవుతుంది, ఫలితం ఇంకా గట్టిపడుతుంది.

నల్లకుంట మాస్టారు

కిరణ్ గారూ, లెక్క పరంగా 0.023 సరిగానే చెప్పారు. కానీ 95.5 శాతం అన్న మాట సరికాదు. దీన్ని చీటీలతోనే చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు పరీక్ష మొదలుపెట్టింది చీటీలతోనే.

చివరిదాకా ఉన్న 60 మంది తగ్గుదలలను 60 కాగితం ముక్కల మీద రాయండి. శూన్య పరికల్పన నిజమైతే, అంటే మోతాదు ఏదైనా ఒకటే అయితే, ఒకరికి 18 తగ్గడానికీ వాళ్లు ఏ గుంపులో ఉన్నారన్న దానికీ సంబంధం లేదు. ఏ గుంపులో ఉన్నా వాళ్లకు 18 తగ్గేదే. కాబట్టి ఆ 60 కాగితాలనూ కలిపేసి, చూడకుండా ముప్పై ముప్పై చొప్పున రెండు కుప్పలు చేసి, కుప్పల సగటుల మధ్య తేడా రాసుకోండి. మళ్లీ కలపండి, మళ్లీ పంచండి. ఇలా వెయ్యిసార్లు చేస్తే, అటుగానీ ఇటుగానీ 4.5 లేదా అంతకు మించిన తేడా సుమారు 45 సార్లు కనిపిస్తుంది. 0.045 అన్నది అదే. పరీక్ష మొత్తం ఒక్క వాక్యంలోకి వస్తుంది: మోతాదుకు ఏ ప్రభావమూ లేని లోకంలో, కేవలం పంపకం వల్లనే ఇంత తేడా ఎంత అరుదుగా వస్తుంది?

ఆ వెయ్యిసార్లూ మనం మోతాదుకు ప్రభావం లేదనే అనుకొని పంచాం. ప్రభావం ఉందనడానికి ఎంత అవకాశమన్నది ఆ కాగితాల కుప్పలో ఎక్కడా లేదు. అది తెలియాలంటే, పరీక్షకు ముందే ఇలాంటి మోతాదు పెంపులు ఎన్నింటిలో నిజంగా పనిచేస్తాయో తెలిసి ఉండాలి. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో పి-విలువల మీద ఒక ప్రకటన చేసినప్పుడు, పరికల్పన నిజమవడానికి ఉన్న సంభావ్యతను పి-విలువ కొలవదని అందులో విడిగా చెప్పవలసి వచ్చింది. అంటే ఈ పొరపాటు అంతగా వ్యాపించి ఉంది.

టోలీచౌకి డాక్టరమ్మ

కిరణ్ గారి రెండో మాటకు నేను జవాబిస్తాను. మోతాదు పెరిగితే బీపీ పెరగదన్నది శరీరశాస్త్రం పరంగా చాలావరకు నిజమే. కానీ మనం పరీక్షిస్తున్నది శరీరాన్ని ఒక్కదాన్నే కాదు. 80 తీసుకున్న వాళ్లకు కళ్లు తిరిగి వారంలో నాలుగు రోజులు మాత్ర మానేస్తే, ఆ గుంపులో తగ్గుదల 40 వాళ్ల కంటే తక్కువగా రావచ్చు. ఆ వైపును ముందే మూసేసుకోవడం సరికాదు.

ఒక వైపు పరీక్షను అసలు వాడకూడదని నేననను. వాడేటట్లయితే ప్రణాళికలోనే రాయాలి, హద్దును కూడా సగానికి దించాలి. ఔషధ పరీక్షల గణాంక సూత్రాల మీద 1998లో వచ్చిన ఐసీహెచ్ ఇ9 మార్గదర్శకం ఒక వైపు పరీక్షకు సగం హద్దునే మేలంటుంది, అంటే 0.05 బదులు 0.025. అప్పుడు 0.023 ను 0.025 తో పోల్చాలి, 0.045 ను 0.05 తో పోల్చినట్టే. కనుక ఫలితం కొంచెం కూడా గట్టిపడదు.

మన దేశంలో మందుల పరీక్షలను మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ముఖ్య కొలత ఏదన్నది అక్కడ రాసి ఉంటుంది. మాస్టారు చెప్పిన రెండో దశను తర్వాత ఎవరైనా మార్చారా అన్నది బయటివాళ్లు అక్కడే పోల్చి చూడవచ్చు.

మాదాపూర్ కిరణ్

95.5 శాతం మాటను వెనక్కి తీసుకుంటాను, కాగితాల వివరణ బాగుంది. అయితే ఒక వైపు పరీక్ష విషయంలో నాకు ఇంకా కొంత భిన్నాభిప్రాయం ఉంది. తక్కువ మోతాదు ఎలాగూ వాడుకలో ఉంది, 80 దానికంటే మెరుగని తేలకపోతే 40 లోనే ఉండిపోతాం. నిర్ణయం ఒక వైపుదే అయినప్పుడు పరీక్షా ఒక వైపుదే కావడం తర్కబద్ధం. హద్దు 0.025 అంటే ఒప్పుకుంటాను.

టోలీచౌకి డాక్టరమ్మ

ఆ చర్చ గణాంకవేత్తల మధ్య కూడా తెగలేదు, వదిలేద్దాం. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది స్వాతి మొదటి సందేశంలో ఎవరూ పట్టించుకోని ఒక వాక్యం. చేరింది 35 మంది చొప్పున, లెక్కలోకి వచ్చింది 30 మంది చొప్పున. మిగిలిన పదిమంది ఏమయ్యారు? రెండు వైపులా ఐదుగురే కనుక సమానంగా పోయారనుకోవద్దు. అభ్యాసంలో కారణాలు ఇచ్చారా?

కూకట్‌పల్లి స్వాతి

ఇచ్చారు డాక్టరు గారూ, కింద చిన్న అక్షరాల్లో ఉంది, మేమెవరం దాన్ని వాడలేదు. పాత మోతాదు గుంపులో ముగ్గురు ఊరు మారారు, ఇద్దరు రెండోసారి రాలేదు. కొత్త మోతాదు గుంపులో నలుగురు కళ్లు తిరగడం వల్ల మానేశారు, ఒకరు ఊరు మారారు.

టోలీచౌకి డాక్టరమ్మ

చూశారా. 40 గుంపులోంచి వెళ్లిన వాళ్ల కారణాలకూ మందుకూ పెద్దగా సంబంధం లేదు. 80 గుంపులోంచి వెళ్లిన నలుగురినీ పంపించింది ఆ మోతాదే. వాళ్లను లెక్కలోంచి తీసేశాక మిగిలినది 80 ని తట్టుకోగలిగిన వాళ్ల గుంపు. చీటీ సమానంగా పంచిన రెండు గుంపులు ఇప్పుడు సమానం కావు. రేపు నా దగ్గరికి వచ్చే రోగికి 80 రాయాలా వద్దా అన్నప్పుడు, అతను తట్టుకోగలడో లేడో నాకు ముందే తెలియదు కదా. అందుకే చీటీ ఎవరిని ఏ గుంపులో వేసిందో వాళ్లందరినీ ఆ గుంపులోనే లెక్కించాలన్నది ఔషధ పరీక్షల్లో మూలసూత్రం.

అన్నిటికంటే మంచి పని ఏమిటంటే, మందు మానేసిన వాళ్లను కూడా ఎనిమిదో వారంలో పిలిచి బీపీ కొలవడం. మందు మానేయడం వేరు, పరీక్ష నుంచి వెళ్లిపోవడం వేరు. చాలాచోట్ల ఈ రెండింటినీ ఒకటిగా చూసి ఆ అంకెను పోగొట్టుకుంటారు.

కూకట్‌పల్లి స్వాతి

ఆ పదిమంది అంకెలు లేవు కాబట్టి, అందరికీ తగ్గుదల సున్నా అని వేసి లెక్క చేసి చూశాను. పాత మోతాదు సగటు 10.3 కు, కొత్త మోతాదు సగటు 14.1 కు దిగాయి. తేడా 3.9 అయింది. సున్నాలు చేరడం వల్ల విచలనాలు 8.5, 10.2 కు పెరిగాయి. t విలువ 1.72, పి-విలువ 0.09. అంటే ఇప్పుడు తిరస్కరించలేం! అవే మందులు, అదే పరీక్ష, తీర్పు మాత్రం తిరగబడింది. ఏది రాయాలి?

నల్లకుంట మాస్టారు

లెక్క సరిగానే చేశావు. కానీ సున్నా వేయడం చాలా కఠినమైన ఊహ. ఎండ వల్లా, తిరిగి మామూలు స్థాయికి దిగడం వల్లా మందు మానేసిన వాళ్లకూ కొంత తగ్గే ఉంటుందని పైన మనమే అనుకున్నాం. కనుక 0.09 అసలైన జవాబు, 0.045 అబద్ధం అని రాయకు. తప్పిపోయిన అంకెలకు ఒక్కొక్క విలువ అంటించడం కంటే, వాటి అనిశ్చితిని కూడా లెక్కలోకి తెచ్చే పద్ధతులు ఉన్నాయి. వాటికి ఒక్కో రోగి వివరాలు కావాలి.

నీ లెక్క చూపించింది వేరే సంగతి. 60 మందితో వచ్చిన ఫలితం, కనబడని పదిమంది గురించి మనం ఏమనుకుంటామన్న దాని మీద ఆధారపడి హద్దుకు అటూ ఇటూ అవుతోంది. 0.05 దగ్గర గోడ ఏమీ లేదు. 0.045 కూ 0.09 కూ మధ్య సాక్ష్యంలో ఉన్న తేడా చిన్నదే, మన మాటల్లోనే అది పెద్దదైపోతోంది. రెండు లెక్కలూ రాయి, రెండో దానిలో ఏ ఊహ చేశావో రాయి.

దిల్‌సుఖ్‌నగర్ వెంకటేశ్వర్లు

డాక్టరమ్మ గారూ, మీరు చెప్పినట్టు నిలబడి చూసుకుంటే 118 కి వస్తోంది, మంగళవారం మా డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాను. ఒక్క ప్రశ్న. ఇదంతా చదివాక కూడా నాకు తెలియనిది ఒకటే: ఆ మందు 80 ఇస్తే పనిచేస్తుందా, చేయదా?

టోలీచౌకి డాక్టరమ్మ

వెళ్లి రండి, ఆ అంకె తప్పకుండా చూపించండి.

మీ ప్రశ్నకు మాస్టారు తీసిన విశ్వాస అంతరంలోనే జవాబుంది. 80 వల్ల అదనంగా తగ్గేది 0.1 మిల్లీమీటరు కావచ్చు, 8.9 కూడా కావచ్చు, ఈ అంకెలు రెండింటితోనూ పొసుగుతాయి. 0.1 అయితే కళ్లు తిరగడాన్ని భరించి 80 మింగడంలో అర్థం లేదు. 8.9 అయితే చాలామందికి మేలే. అంటే పరీక్ష చెప్పింది, తేడా బహుశా సున్నా కాదని మాత్రమే. మింగదగినంత తేడా అవునా కాదా అన్నది అది చెప్పలేదు.

నా అనుభవంలోంచి మరొకటి కలుపుతాను. బీపీ మందుల్లో మోతాదును రెట్టింపు చేస్తే అదనంగా దొరికేది సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, వేరే రకం మందును చిన్న మోతాదులో చేరిస్తే దానికంటే ఎక్కువ దొరుకుతుంది. అందువల్ల 4.5 అన్న అంకె నాకు కొంచెం ఎక్కువగానే తోస్తోంది. నిజమైన తేడా అంతకంటే తక్కువై ఉంటుందని నా అనుమానం.

మాదాపూర్ కిరణ్

ఆ అనుమానానికి లెక్కలోనే ఆధారముంది. 5 మిల్లీమీటర్ల తేడా ఉంటేనే మోతాదు మార్చడం సబబు అనుకుందాం, విచలనం 9 అనుకుందాం. నూటికి ఎనభై సార్లు ఆ తేడాను పట్టుకోవాలంటే ఒక్కో గుంపుకు ఎంతమంది కావాలో చూస్తే, 2 × (1.96 + 0.84)² × 81 / 25, అంటే 51 మంది వస్తున్నారు. వీళ్ల దగ్గర ఉన్నది 30. ముప్పై మందితో 5 మిల్లీమీటర్ల నిజమైన తేడాను పట్టుకునే అవకాశం సగం కంటే కొంచెమే ఎక్కువ. ఇంత చిన్న పరీక్షలో హద్దు దాటాలంటే దొరికిన తేడా కనీసం 4.4 ఉండాలి. కాబట్టి నిజమైన తేడా 3 అయినా సరే, హద్దు దాటి మన కంటికి చేరేది 4.4 పైన ఊగినప్పుడే. వెబ్ పేజీల పరీక్షల్లోనూ ఇదే జరుగుతుంది, మొదట గొప్పగా గెలిచిన మార్పు పెద్ద పరీక్షలో సగానికి పడిపోతుంది.

నల్లకుంట మాస్టారు

బాగా చెప్పారు. మనుషుల సంఖ్యను లెక్కగట్టడం నేను పైన చెప్పిన మూడో దశకు ఆనుకొనే జరగాలి. మానేసే వాళ్లను కూడా దృష్టిలో పెట్టుకొని 51 కి బదులు ఒక్కో గుంపుకు 60 మందిని చేర్చుకొని ఉంటే, స్వాతికి ఇప్పుడున్న ఇబ్బందిలో చాలా భాగం ఉండేది కాదు.

కూకట్‌పల్లి స్వాతి

అందరి మాటలూ చదివాక నా జవాబు ఇలా రాశాను, చూసి చెప్పండి.

"80 మిల్లీగ్రాముల గుంపులో పై బీపీ, 40 గుంపు కంటే సగటున 4.5 మిల్లీమీటర్లు అదనంగా తగ్గింది. 95 శాతం విశ్వాస అంతరం 0.1 నుంచి 8.9, పి-విలువ 0.045. 0.05 స్థాయిలో రెండు మోతాదులూ సమానమన్న పరికల్పనను తిరస్కరిస్తున్నాం. అయితే ఈ లెక్క చివరిదాకా ఉన్న వాళ్లది మాత్రమే. 80 గుంపులో 35 మందిలో నలుగురు కళ్లు తిరగడం వల్ల మానేశారు. మానేసిన వాళ్లందరికీ తగ్గుదల లేదని ఊహిస్తే తేడా 3.9 కి, పి-విలువ 0.09 కి మారుతున్నాయి. వైద్యపరంగా 5 మిల్లీమీటర్ల తేడా అవసరమనుకుంటే, ఈ పరీక్ష దాన్ని నిర్ధారించనూ లేదు, తోసిపుచ్చనూ లేదు."

టోలీచౌకి డాక్టరమ్మ

నేనైతే మొదటి వాక్యంగా రెండో లెక్కను పెడతాను. చీటీ తీసిన 70 మందిదే అసలు పరీక్ష, 60 మందిది అందులోంచి మిగిలినది. నీ జవాబు చదివేవాడు 0.045 దగ్గర ఆగిపోతాడు.

నల్లకుంట మాస్టారు

డాక్టరమ్మ గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కొలిచిన అంకెలతో వచ్చిన దాన్ని వెనక్కి నెట్టి, మనం ఊహించి వేసిన సున్నాలతో వచ్చిన దాన్ని ముందు పెట్టడం నాకు రుచించదు. రెండింటినీ పక్కపక్కనే ఒక పట్టికలో పెట్టు.

స్వాతీ, ఒక్కో రోగికి మొదటి రోజు బీపీ ఎంతో మీ అభ్యాసంలో ఉందా? ఉంటే తగ్గుదలలను నేరుగా పోల్చడం కంటే, మొదటి రోజు అంకెను కూడా లెక్కలోకి తీసుకొని చివరి బీపీని పోల్చడం మేలు. ప్రామాణిక దోషం 2.20 కంటే తగ్గే అవకాశం ఉంది.

కూకట్‌పల్లి స్వాతి

సగటులూ విచలనాలే ఇచ్చారు మాస్టారూ, విడి అంకెలు లేవు. సోమవారం మా అధ్యాపకులను అడిగి, ఆ పట్టిక దొరికితే ఇక్కడే పెడతాను.